కొత్త ట్రాక్టరుకు అశ్వశక్తి ఎంపిక: విస్తీర్ణం, పంటలు, పనిముట్ల లెక్క

ట్రాక్టరు కొనదలచిన రైతుకు దుకాణంలో ఎదురయ్యే తొలి ప్రశ్న ‘ఎన్ని ఎకరాలు?’ అన్నది. జవాబు చెప్పగానే 40 అనో, 45 అనో, 50 అనో ఒక అంకె వినిపిస్తుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో రైతు అడగడు, అమ్మకందారు చెప్పడు. పక్క పొలం రైతు ఏ ట్రాక్టరు కొన్నాడన్నదే చివరికి నిర్ణయం చేస్తుంది. తక్కువ శక్తి గల యంత్రం కొన్నవారికి తొలకరి పదునులో ఇబ్బంది ఎదురవుతుంది. ఎక్కువ శక్తి గల యంత్రం కొన్నవారికి ఇబ్బంది పొలంలో కనిపించదు, ప్రతి ఆరు నెలలకూ కట్టే వాయిదాలో కనిపిస్తుంది. అందువల్లనే రెండో పొరపాటు ఎక్కువగా జరుగుతుంది, తక్కువగా గుర్తింపు పొందుతుంది.

విస్తీర్ణం ఒక్కటే అశ్వశక్తిని నిర్ణయించలేదనడానికి పాఠ్యపుస్తకాల్లోని సూత్రమే సాక్ష్యం. ఏటా ఒకటి కంటే ఎక్కువ పంటలు పండే భూమిలో ప్రతి ఒకటిన్నర హెక్టారుకు 1 అశ్వశక్తి చొప్పున లెక్కించవచ్చని విద్యార్థులు చదువుకుంటారు. 40 హెక్టార్ల పెద్ద క్షేత్రానికి ఈ సూత్రం 25 నుంచి 30 అశ్వశక్తిని సూచిస్తుంది. అది నమ్మదగినట్లే ఉంటుంది. అదే సూత్రాన్ని 18 ఎకరాల కమతానికి వర్తింపజేస్తే 5 అశ్వశక్తి చాలునని వస్తుంది. 5 అశ్వశక్తితో ఏ గొర్రూ నల్లరేగడిలో కదలదు. సూత్రంలో తప్పు లేదు. అది ఏడాది పొడవునా చేసే మొత్తం పనిని కొలుస్తుంది. పనిముట్టు నేలలో దిగిన క్షణాన కావలసిన శక్తిని అది కొలవదు. చిన్న, మధ్యతరహా కమతాల్లో నిర్ణయం చేసేది ఈ రెండోదే.

కనుక లెక్క పనిముట్టు నుంచి మొదలై ఇంజను వైపు నడవాలి. విస్తీర్ణం ఆ లెక్కలో రెండు చోట్ల మాత్రమే ప్రవేశిస్తుంది. పదును ఆరిపోయే లోగా పని పూర్తవుతుందా అన్నది మొదటిది. ఏడాదిలో ట్రాక్టరు ఎన్ని గంటలు తిరుగుతుందన్నది రెండోది.

ఇంజను శక్తి, నేలకు చేరే శక్తి

ట్రాక్టరు బానెట్‌పై కనిపించే అంకె సాధారణంగా ఇంజను శక్తిని సూచిస్తుంది. ఆ శక్తి యావత్తూ పనిముట్టుకు చేరదు. గేర్ల ద్వారా వెనుక తిరిగే ఇరుసుకు, అంటే పీటీఓకు, చేరేసరికి అందులో సుమారు 85 నుంచి 90 శాతం మిగులుతుంది. రోటవేటర్ వంటి పనిముట్లు ఈ పీటీఓ శక్తితోనే నడుస్తాయి. గొర్రు, నాగలి వంటివి చక్రాల పట్టుతో లాగబడతాయి కనుక వాటి విషయంలో మరో మెట్టు నష్టం ఉంటుంది. అమెరికా వ్యవసాయ, జీవ ఇంజనీర్ల సంఘం ప్రమాణాల ప్రకారం రెండు చక్రాల చోదనం గల ట్రాక్టరులో లాగుడుకు అందేది గట్టి నేలపై పీటీఓ శక్తిలో 72 శాతం, దున్నిన నేలపై 67 శాతం, మెత్తటి నేలలో 55 శాతం. ముందు చక్రాలకూ చోదనం ఉన్న ట్రాక్టర్లలో ఇవి వరుసగా 77, 73, 65 శాతం.

అంటే 42 అశ్వశక్తి ఇంజను పీటీఓ వద్ద సుమారు 36, గట్టి నేలపై లాగుడుకు సుమారు 26, మెత్తటి నేలలో సుమారు 20 అశ్వశక్తి మాత్రమే ఇస్తుంది. ఒకే ఇంజను అంకె గల రెండు నమూనాల పీటీఓ శక్తి ఒకటే కావలసిన అవసరం కూడా లేదు. కనుక పోల్చవలసింది పీటీఓ శక్తిని. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఇచ్చే పరీక్షా నివేదికలో ప్రతి నమూనాకూ గరిష్ఠ పీటీఓ శక్తి, ఇంధన వినియోగం, లాగుడు బలం, హైడ్రాలిక్ ఎత్తుడు సామర్థ్యం ఉంటాయి. అధిక పరిసర ఉష్ణోగ్రతలో నమోదైన శక్తి కూడా అందులో విడిగా ఉంటుంది. మే నెల ఎండలో వేసవి దుక్కి చేసే తెలుగు ప్రాంతాలకు ఆ విడి అంకె మరింత ఉపయోగకరం.

ఉదాహరణకు ఒక కమతం

ఖమ్మం జిల్లాలో కాలువ కింద ఉండే ఒక సాధారణ కమతాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. మొత్తం 18 ఎకరాలు. అందులో 10 ఎకరాలు నల్లరేగడి, 7 ఎకరాల్లో పత్తి, 3 ఎకరాల్లో మిర్చి. మిగిలిన 8 ఎకరాల్లో రెండు కార్లూ వరి. రైతు వాడదలచినవి 9 కొర్రుల గొర్రు, రోటవేటర్, దమ్ముకు కేజ్ వీల్స్, పంట తరలించడానికి ట్రాలీ. మూడేళ్లకొకసారి లోతు దుక్కికి రెండు రెక్కల నాగలి కూడా ఉండాలన్నది ఆయన కోరిక. దుకాణంలో చెప్పింది 50 అశ్వశక్తి, దానికి 6 అడుగుల రోటవేటర్. ఆ సలహా సరైనదా కాదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

మొదటి లెక్క: పదును లోగా పని ముగుస్తుందా

నల్లరేగడి తడిగా ఉంటే అంటుకుంటుంది, ఆరితే రాయిలా గట్టిపడుతుంది. తొలకరిలో మంచి వాన పడ్డాక దుక్కికి అనువైన పదును నాలుగు రోజులు నిలుస్తుందనుకుంటే, రోజుకు 7 గంటల చొప్పున చేతిలో 28 గంటలు ఉంటాయి. ఈ వ్యవధిలో 10 ఎకరాలను రెండుసార్లు గొర్రుతో దున్ని, ఒకసారి రోటవేటర్ వేసి విత్తనానికి సిద్ధం చేయాలి.

పనిముట్టు గంటకు ఎంత నేల చేస్తుందో తెలుసుకోవడానికి వెడల్పును మీటర్లలో, వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకుని, ఆ రెంటినీ క్షేత్ర సామర్థ్యంతో హెచ్చించి 10తో భాగించాలి. వచ్చేది గంటకు హెక్టార్లు. గట్ల దగ్గర మలుపులకు, ఒక చాలు మీద మరో చాలు పడడానికి పోయే సమయమే క్షేత్ర సామర్థ్యంలో తగ్గే భాగం. 9 కొర్రుల గొర్రు వెడల్పు సుమారు 2 మీటర్లు. గంటకు 5 కిలోమీటర్ల వేగం, 75 శాతం సామర్థ్యం తీసుకుంటే గంటకు 0.75 హెక్టారు, అంటే 1.85 ఎకరాలు. 10 ఎకరాలను రెండుసార్లు దున్నడానికి సుమారు 11 గంటలు పడుతుంది. 5 అడుగుల రోటవేటర్ వెడల్పు 1.5 మీటర్లు. గంటకు 3 కిలోమీటర్ల వేగం, 70 శాతం సామర్థ్యంతో అది గంటకు 0.78 ఎకరం చేస్తుంది. 10 ఎకరాలకు 13 గంటలు. మొత్తం 24 గంటలు. చేతిలో ఉన్నది 28. పని ముగుస్తుంది, కొద్దిపాటి వెసులుబాటు కూడా ఉంటుంది.

దుకాణంలో సూచించిన 6 అడుగుల రోటవేటర్ వెడల్పు 1.8 మీటర్లు. అది గంటకు 0.93 ఎకరం చేస్తుంది. మొత్తం పని 24 గంటలకు బదులు 22 గంటల్లో అవుతుంది. అంటే నాలుగు రోజుల పదునులో మిగిలేది రెండు గంటలు.

ఇదే రైతుకు నల్లరేగడి 16 ఎకరాలు ఉంటే ఏమవుతుందో చూడడం విద్యార్థులకు ఉపయోగకరం. 5 అడుగుల రోటవేటర్‌తో సుమారు 38 గంటలు పడుతుంది. 28 గంటల్లో పని ముగియదు. 6 అడుగులది వాడితే 34 గంటలు దాటుతుంది. 7 అడుగులది వాడినా 32 గంటలు. అంటే అశ్వశక్తి పెంచి వెడల్పు పెంచినా ఆ లోటు తీరదు. అక్కడ చేయవలసింది వేరు. వేసవి జల్లులకే ఒక దుక్కి ముగించుకోవడం, ఇద్దరు డ్రైవర్లతో రోజుకు 10 గంటలు నడపడం, లేదా ఆ నాలుగు రోజులకు ఇంకొక ట్రాక్టరును కిరాయికి పిలవడం. పదును లెక్క వేయకుండా పెద్ద ట్రాక్టరు కొన్న రైతుకు ఈ సంగతి మొదటి తొలకరిలోనే తెలిసివస్తుంది.

రెండో లెక్క: పనిముట్టు అడిగే శక్తి

లాగుడు పనిముట్ల శక్తికి ఒక సులభమైన సూత్రం ఉంది. లాగుడు బలాన్ని కిలోల్లో, వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకుని హెచ్చించి 270తో భాగిస్తే లాగుడు అశ్వశక్తి వస్తుంది.

బరువైన నేలలో 15 సెంటీమీటర్ల లోతున గొర్రు కొర్రు ఒక్కొక్కటి సుమారు 90 కిలోల బలం అడుగుతుంది. 9 కొర్రులకు 810 కిలోలు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో లాగితే 15 లాగుడు అశ్వశక్తి. దీనిని 0.72తో భాగిస్తే పీటీఓ వద్ద 21, దానిని 0.87తో భాగిస్తే ఇంజను వద్ద 24. ఇంజనును రోజంతా పూర్తి భారంతో నడపకూడదు. గట్టి మట్టి తగిలినప్పుడు తట్టుకోవడానికి అయిదో వంతు శక్తి నిల్వ ఉండాలి. కనుక 24ను 0.8తో భాగిస్తే 30 అశ్వశక్తి. నేల ఆరిపోయి లాగుడు మూడో వంతు పెరిగినా 40 అశ్వశక్తి ఆ పని చేయగలదు.

రోటవేటర్ లెక్క వేరు. దాని కత్తులు పీటీఓ శక్తితో తిరుగుతూ నేలను కోస్తాయి, ట్రాక్టరును కొంత ముందుకు నెడతాయి కూడా. చక్రాల పట్టు మీద భారం తక్కువ, పీటీఓ మీద భారం ఎక్కువ. బరువైన నేలలో 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతుకు అడుగు వెడల్పుకు 6 నుంచి 7 పీటీఓ అశ్వశక్తి అంచనా వేసుకోవచ్చు. 5 అడుగుల దానికి 30 నుంచి 35 పీటీఓ అశ్వశక్తి, అంటే ఇంజను వద్ద 35 నుంచి 40. 6 అడుగుల దానికి 36 నుంచి 42 పీటీఓ అశ్వశక్తి, అంటే ఇంజను వద్ద 41 నుంచి 48.

ఇప్పుడు చిత్రం స్పష్టమవుతుంది. ఈ కమతంలో అశ్వశక్తిని నిర్ణయిస్తున్నది గొర్రు కాదు, ట్రాలీ కాదు, రోటవేటర్. 5 అడుగుల రోటవేటర్ ఎంచుకుంటే 40 నుంచి 42 అశ్వశక్తి తరగతి సరిపోతుంది. 6 అడుగులది ఎంచుకుంటే 50 అశ్వశక్తి తరగతిలోకి వెళ్లక తప్పదు. కనుక రైతు నిజంగా తేల్చుకోవలసింది ఒక అడుగు వెడల్పు గురించి. ట్రాక్టరు అంకె ఆ నిర్ణయాన్ని అనుసరించి వస్తుంది.

నేలను బట్టి ఈ అంకెలు ఎంత మారతాయో గమనించాలి. అనంతపురం ప్రాంతపు తేలిక ఎర్ర నేలల్లో అదే గొర్రు లాగుడు బలం బరువైన నేలలో అయ్యే దానిలో మూడింట రెండు వంతులకు మించదు. అక్కడ వేరుశనగ వేసే 18 ఎకరాల రైతు అదే 9 కొర్రుల గొర్రుకు 30కి బదులు 20 అశ్వశక్తితో లెక్క మొదలుపెట్టవచ్చు. మామిడి, బత్తాయి తోటల్లో అయితే శక్తి కంటే ముందు చెట్ల కొమ్మల కింద దూరే ఎత్తు, వరుసల మధ్య తిరిగే వెడల్పు నిర్ణయం చేస్తాయి. విస్తీర్ణం ఒకటే అయినా జవాబు ఒకటి కాదు.

మూడో లెక్క: పట్టు, బరువు

రెండు రెక్కల నాగలి విషయంలో ఒక చిక్కు ఉంది. ఒక్కో రెక్క 30 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు కోస్తే మొత్తం కోత 1,200 చదరపు సెంటీమీటర్లు. నల్లరేగడిలో చదరపు సెంటీమీటరుకు 0.8 కిలో చొప్పున 960 కిలోల లాగుడు. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో 14 లాగుడు అశ్వశక్తి. పై పద్ధతిలోనే ఇంజను వరకు లెక్కిస్తే 28 నుంచి 29. శక్తి లెక్కలో 42 అశ్వశక్తి ట్రాక్టరుకు ఇది తేలిక పని. అయినా పొలంలో చక్రాలు జారి ట్రాక్టరు నిలిచిపోవచ్చు.

కారణం బరువు. రెండు చక్రాల చోదనం గల ట్రాక్టరు తన బరువులో 40 నుంచి 45 శాతం వరకు మాత్రమే నిలకడగా లాగగలదు. ఈ తరగతి ట్రాక్టరు బరువు 1,950 కిలోలు అనుకుంటే దాని లాగుడు 780 నుంచి 880 కిలోలు. గొర్రుకు కావలసిన 810 కిలోలు ఆ పరిధిలోనే ఉన్నాయి. నాగలికి కావలసిన 960 కిలోలు లేవు. అటువంటప్పుడు ఇంజను శక్తి ఎంత ఉన్నా అది టైర్ల అరుగుదలగా, డీజిలు ఖర్చుగా మారుతుంది. వెనుక చక్రాలకు ఇనుప బరువులు తగిలించడం, టైర్లలో నీరు నింపడం, లోతు తగ్గించడం, లేదా ఒక రెక్క నాగలి వాడడం పరిష్కారాలు. అశ్వశక్తి పెంచడం వీటిలో లేదు. అయితే పెద్ద ట్రాక్టరు సహజంగా బరువుగా ఉండడం వల్ల మెరుగ్గా లాగినట్లు కనిపిస్తుంది, ఆ ఘనత ఇంజనుకు దక్కుతుంది.

వరి మడిలో ఈ బరువే శత్రువవుతుంది. దమ్ములో బరువైన ట్రాక్టరు దిగబడుతుంది, అడుగున నీరు ఇంకకుండా ఆపే గట్టి పొరను చక్రాలు చీలుస్తాయి. తర్వాత ఆ మడిలో నీరు నిలవదు, ఏటా అదే చోట చక్రం కూరుకుపోతుంది. కనుక రేగడి దుక్కికి తగిలించిన బరువులను దమ్ముకు ముందు తప్పక విప్పాలి, టైర్లలో నీటిని తీసివేయాలి, కేజ్ వీల్స్ వాడాలి. 18 ఎకరాల్లో 8 ఎకరాలు వరి ఉన్న రైతుకు తేలికైన ట్రాక్టరుకు అవసరమైనప్పుడు బరువు చేర్చుకోవడం సాధ్యం. బరువైన ట్రాక్టరు సొంత బరువును తగ్గించుకోవడం సాధ్యం కాదు. ముందు చక్రాల చోదనం గల నమూనాను పరిశీలించదగిన సందర్భం కూడా ఇదే. మెత్తటి నేలలో లాగుడుకు అందే శక్తి 55 నుంచి 65 శాతానికి పెరగడం వల్ల అశ్వశక్తి పెంచకుండానే పట్టు పెరుగుతుంది. దాని అదనపు ధరను దమ్ము చేసే గంటలతో పోల్చి చూడాలి.

ఇక నాగలి సంగతి. మూడేళ్లకొకసారి, పది ఎకరాలకు మాత్రమే అవసరమయ్యే పనిముట్టు కోసం పదేళ్లు నడిపే ట్రాక్టరును ఎంచుకోవడం సమంజసం కాదు. ఆ పనికి ఆ రెండు రోజులు కిరాయి ట్రాక్టరును పిలవడమే చౌక.

నాలుగో లెక్క: ఏడాదిలో గంటలు, గంటకు ఖర్చు

విస్తీర్ణం రెండోసారి ప్రవేశించేది ఇక్కడ. ఈ కమతంలో ఏడాది పని గంటలను పైన చెప్పిన రేట్లతోనే కూడవచ్చు. నల్లరేగడిలో నాలుగుసార్లు గొర్రుకు 22 గంటలు, ఒకసారి రోటవేటర్‌కు 13 గంటలు. వరిలో ఒక కారుకు ఒక పొడి దుక్కి, రెండు దమ్ములు కలిపి సుమారు 25 గంటలు, రెండు కార్లకు 50 గంటలు. పొలం పని మొత్తం 85 గంటలు. పశువుల ఎరువు, పత్తి, మిర్చి, ధాన్యం తరలింపు, మందుల పిచికారీకి నీళ్ల రవాణా, ఇతర చిల్లర పనులకు 165 గంటలు అనుకుంటే ఏడాదికి 250 గంటలు. ట్రాక్టరు ఖర్చుల లెక్కల్లో వాడుకలో ఉన్న ప్రమాణం ఏడాదికి 1,000 గంటలు. సొంత పని అందులో నాలుగో వంతు మాత్రమే.

ధరలు ఊరినిబట్టి, నమూనానుబట్టి మారతాయి కనుక లెక్క చూపడానికి మాత్రమే 42 అశ్వశక్తి ట్రాక్టరు ధర 7.5 లక్షల రూపాయలు, 50 అశ్వశక్తి ట్రాక్టరు ధర 9 లక్షల రూపాయలు అనుకోవచ్చు. పదేళ్ల జీవితకాలం, చివర పదో వంతు విలువ, సగటు విలువపై 10 శాతం వడ్డీ, బీమా, పన్ను, షెడ్డుకు కలిపి ధరలో 2 శాతం తీసుకోవాలి. మొదటి ట్రాక్టరుకు ఏటా తరుగుదల 67,500, వడ్డీ 41,250, మిగిలినవి 15,000, మొత్తం 1,23,750 రూపాయలు. రెండో దానికి 81,000, 49,500, 18,000, మొత్తం 1,48,500 రూపాయలు. డీజిలు, డ్రైవరు, మరమ్మతులు ఇందులో లేవు. ట్రాక్టరు కదలకుండా షెడ్డులో ఉన్నా ఈ ఖర్చు ఆగదు.

250 గంటలకు పంచితే గంటకు మొదటి దానిపై 495 రూపాయలు, రెండో దానిపై 594 రూపాయలు స్థిర వ్యయం పడుతుంది. ఏటా తేడా 24,750 రూపాయలు. ఆ డబ్బుకు రైతుకు దక్కేది ఏమిటి? 6 అడుగుల రోటవేటర్ వల్ల నల్లరేగడిలో రెండు గంటలు, రెండు కార్ల దమ్ములో ఆరేడు గంటలు, మొత్తం మీద ఏటా దాదాపు 9 గంటల ఆదా. సొంత భూమి వరకే చూస్తే 50 అశ్వశక్తి సలహాకు ఈ లెక్కలో సమర్థన దొరకదు.

అయితే రైతుకు కిరాయి పని ఉంటే జవాబు మారవచ్చు. 6 అడుగుల రోటవేటర్ గంటకు 0.15 ఎకరం ఎక్కువ చేస్తుంది. ఎకరానికి డీజిలు, కూలి పోను 600 రూపాయలు మిగులుతుందనుకుంటే గంటకు 90 రూపాయల అదనపు రాబడి. 24,750 రూపాయలు తిరిగి రావాలంటే ఏటా సుమారు 275 గంటలు రోటవేటర్ కిరాయికే తిరగాలి. ఇక్కడ ఇంకొక షరతు ఉంది. ఊళ్లో కిరాయి ఎకరం లెక్కన ఉంటేనే ఈ లాభం. గంట లెక్కన ఒకే రేటు ఉంటే వెడల్పు వల్ల వచ్చే లాభం పని చేయించుకున్న రైతుకు పోతుంది, యజమానికి కాదు. కనుక పెద్ద ట్రాక్టరు కొనబోయే రైతు చూపవలసింది తన పట్టాదారు పుస్తకం కాదు, గత ఏడాది ఊళ్లో ఎవరెవరు తనను కిరాయికి పిలుస్తామన్నారో ఆ జాబితా.

50 అశ్వశక్తి గీత దగ్గర మరో జాగ్రత్త కూడా అవసరం. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్ నాలుగో దశ ఉద్గార ప్రమాణాలు వర్తిస్తున్నాయి. వాటికి తగిన ఇంధన, పొగ శుద్ధి వ్యవస్థల వల్ల ఆ గీత దాటిన నమూనాల ధర, మరమ్మతుల తీరు మారతాయి. గీతకు కొద్దిగా దిగువన ఉండే నమూనాలను పోల్చేటప్పుడు ఇంజను అంకె పెద్దగా ఉపయోగపడదు, పీటీఓ శక్తి, బరువు, ఎత్తుడు సామర్థ్యమే తేడా చెబుతాయి.

ఎంపిక సరైనదో కాదో పొలంలో తెలుసుకోవడం

కొనే ముందు అదే నమూనాను సొంత పొలంలో, సొంత పనిముట్టుతో ఒక గంట నడిపి చూడగలిగితే రెండు పరీక్షలు చాలు.

మొదటిది చక్రాల జారుడు. వెనుక చక్రంపై సుద్దతో గుర్తు పెట్టి, పనిముట్టు ఎత్తి పట్టి 10 చుట్లకు ట్రాక్టరు సాగిన దూరం కొలవాలి. తర్వాత పనిముట్టు దించి అదే 10 చుట్లకు దూరం కొలవాలి. మొదట 40 మీటర్లు, తర్వాత 34 మీటర్లు వస్తే తేడా 6 మీటర్లు, అంటే జారుడు 15 శాతం. 10 నుంచి 15 శాతం లోపు ఉంటే పట్టు సరిగా ఉన్నట్లు. అంతకు మించితే బరువు చాలలేదు, లేదా పనిముట్టు పెద్దది. 5 శాతం కూడా లేకపోతే అనవసరమైన బరువు మోస్తున్నట్లు.

రెండోది ఇంజను తీరు. పనిముట్టు నేలలో దిగగానే చుట్లు బాగా పడిపోయి, నల్లటి పొగ ఆగకుండా వస్తూ, పదే పదే గేరు తగ్గించవలసి వస్తే శక్తి చాలలేదు. రోటవేటర్‌కు పీటీఓ చుట్లు నిమిషానికి ప్రామాణికమైన 540 దగ్గర నిలవాలి. అవి పడిపోతే మట్టి పెడ్డలుగా మిగులుతుంది. దీనికి భిన్నంగా చుట్లు కదలకుండా, పొగ లేకుండా, యాక్సిలరేటర్ సగం కూడా తొక్కకుండా పని జరిగిపోతుంటే రైతు సంతోషిస్తాడు. కానీ ఆ ట్రాక్టరు ఆ పనిముట్టుకు పెద్దది. తక్కువ భారంపై నడిచే ఇంజను చేసిన పనికి మించిన డీజిలు తాగుతుంది. అలాంటి తేలిక పనుల్లో ఒక గేరు పెంచి చుట్లు తగ్గించి నడపడం వల్ల ఆ నష్టం కొంత తగ్గుతుంది.

ఈ రెండు పరీక్షలు కలిపి చదవాలి. జారుడు ఎక్కువగా ఉండి ఇంజను తేలికగా నడుస్తుంటే లోపం బరువులో ఉంది. జారుడు తక్కువగా ఉండి ఇంజను ఆయాసపడుతుంటే లోపం శక్తిలో ఉంది. మొదటి లక్షణాన్ని రెండోదిగా భ్రమించి పెద్ద ట్రాక్టరుకు మారడం తరచు జరిగే పొరపాటు.

ఉదాహరణలోని రైతుకు ఈ నాలుగు లెక్కలు చూపేది 40 నుంచి 42 అశ్వశక్తి తరగతి, పీటీఓ వద్ద 35 అశ్వశక్తికి తగ్గని నమూనా, 5 అడుగుల రోటవేటర్, రేగడి దుక్కికి విప్పదగిన బరువులు, లోతు దుక్కికి కిరాయి ట్రాక్టరు. ఏటా 275 గంటల రోటవేటర్ కిరాయి ఖాయమని ఆయన చూపగలిగితేనే 50 అశ్వశక్తి మాట తిరిగి ఆలోచించదగినది. నేల మారితే, పదును రోజులు మారితే, వరి పోయి తోట వస్తే అంకెలన్నీ మారతాయి. మారనిది లెక్క నడిచే క్రమం. ముందు పదును గంటలు, తర్వాత పనిముట్టు వెడల్పు, తర్వాత అది అడిగే పీటీఓ శక్తి, తర్వాత బరువు, చివర గంట ఖర్చు. సలహా కోసం వచ్చిన రైతును విస్తరణ శాస్త్రవేత్త ఈ వరుసలోనే అడిగితే, ఎకరాల ప్రశ్నకు సరైన చోటు దానంతట అదే దొరుకుతుంది.